పీడీఎఫ్ తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు

మొన్న ద్వారకానగర్‌లోని నెట్ సెంటర్‌లో మా తమ్ముడి బ్యాంకు స్టేట్‌మెంట్‌ని పోర్టల్ తీసుకోలేదు. దానికి పాస్‌వర్డ్ ఉంది మరి! వాడు తెలివిగా ప్రింట్ తీసి స్కాన్ చేయించాడు. పాస్‌వర్డ్ పోయింది గానీ 180 కేబీ ఫైలు 4 ఎంబీ అయింది, పైగా అక్షరాలన్నీ ఫొటో అయిపోయాయి. మళ్లీ రిజెక్ట్.

అసలు ఫైలునే క్రోమ్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, Ctrl+P నొక్కి, Save as PDF ఎంచుకోండి. కొత్త కాపీ పాస్‌వర్డ్ అడగదు. డిజిటల్ సంతకం ఉన్న ఫైలుకి మాత్రం ఇలా చేయొద్దు, కాపీలో ఆ సంతకం చెల్లదు.

తర్వాత ఆ కాపీలో Ctrl+F నొక్కి, స్టేట్‌మెంట్‌లో కనిపిస్తున్న ఏదో ఒక మొత్తం వెతకండి. కళ్లెదుటే ఉన్నా దొరకలేదంటే అది ఫొటో అయ్యుండొచ్చు. తెలుగు పదంతో వెతక్కండి, ఫాంటును బట్టి ఒక్కోసారి దొరకదు.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లోంచి ఆ కాపీని తీసేసి రండి, ఇప్పుడు దానికి తాళం లేదు.