ఫైనలియర్‌ని ఎలా ప్లాన్ చేసుకోవాలి? తమ్ముడికి అక్క రాసిన ఉత్తరం

చిన్నూ,

ప్రాజెక్టు, గేట్, ప్లేస్‌మెంట్లు మూడూ ఒకే ఏడాదిలో ఎలా కుదిరాయని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. నీదీ ట్రిపుల్ఈనే కాబట్టి నేను చేసినదే వరసగా రాస్తున్నాను.

ముందు తేదీలు రాసుకో

జులైలోనే ఒక పెద్ద కాగితం మీద మన చేతిలో లేని తేదీలు రాశాను. గేట్ దరఖాస్తు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో తెరుస్తారు, పరీక్ష ఫిబ్రవరి మొదటి సగంలో ఉంటుంది. మా కాలేజీలో ఫోర్-వన్ సెమిస్టర్ పరీక్షలు సంక్రాంతి అటూ ఇటూ వచ్చేవి. అంటే గేట్‌కి ముందు మిగిలే రోజులు చాలా తక్కువ. అందుకే పరీక్ష నుంచి వెనక్కి లెక్కేసుకున్నాను. జనవరి సెమిస్టర్‌కీ మాక్ టెస్టులకీ పోతుంది. డిసెంబరు రివిజన్‌కి. కాబట్టి కొత్తగా చదవాల్సినదంతా నవంబరు ఆఖరుకల్లా అయిపోవాలి. నీ కాలేజీ క్యాలెండర్ చూసి ఈ లెక్క నువ్వే వేసుకో.

ప్రాజెక్టు హార్డ్‌వేర్‌ని దసరా లోపు పని చేయించు

చాలామంది ప్రాజెక్టుని ఫోర్-టూకి వదిలేస్తారు. నేను ముందుకు జరిపాను, ఎందుకంటే హార్డ్‌వేర్ ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మాది సోలార్ ప్యానెల్‌కి ఎంపీపీటీతో బూస్ట్ కన్వర్టర్. సిములింక్‌లో చక్కగా నడిచింది. బోర్డు మీద పెట్టగానే మాస్ఫెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆర్డినో నుంచి మాస్ఫెట్ గేట్ పిన్‌కి వచ్చేది 5 వోల్టులే. మేము వాడిన ఐఆర్ఎఫ్540 పూర్తిగా ఆన్ కావాలంటే 10 వోల్టుల దాకా కావాలి. సగం తెరుచుకుని ఉండటం వల్ల దానిలోనే పవర్ అంతా వేడిగా పోతోంది. మధ్యలో గేట్ డ్రైవర్ ఐసీ పెట్టాక సరిపోయింది. కారణం పట్టుకుని, పార్ట్ తెప్పించి, మళ్లీ బిగించేసరికి రెండు వారాలు పట్టాయి. అదే జనవరిలో జరిగి ఉంటే ఆ రెండు వారాలూ గేట్ చదువులోంచి పోయేవి. రిపోర్టు, పీపీటీ మాత్రం నిశ్చింతగా మార్చికి వదిలెయ్.

సబ్జెక్టుల వరస

మొదట సర్క్యూట్స్, ఇంజినీరింగ్ మ్యాథ్స్ చేశాను, మిగతావన్నీ వాటి మీదే నిలబడతాయి. తర్వాత మెషీన్స్, పవర్ సిస్టమ్స్. కంట్రోల్ సిస్టమ్స్, సిగ్నల్స్ పక్కపక్కన చదివితే లాప్లాస్ ఒకసారి చేస్తే రెండింటికీ పనికొస్తుంది. ఆప్టిట్యూడ్‌కి 100కి 15 మార్కులు ఉంటాయి, ప్లేస్‌మెంట్ రాత పరీక్షలకీ అదే చదువు, కాబట్టి జులై, ఆగస్టుల్లో రోజూ కాసేపు దానికే ఇచ్చాను. మిడ్స్ వారంలో గేట్ పుస్తకం ముట్టుకోలేదు. రెండూ కలిపితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మాక్ రాశాక అసలు పని మొదలవుతుంది

మూడు గంటలు పరీక్ష రాస్తే, అంతకంటే ఎక్కువసేపు దాన్ని విప్పి చూడాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయి: తెలియదా, లెక్క తప్పిందా, ప్రశ్న సరిగ్గా చదవలేదా. నావి ఎక్కువగా లెక్క తప్పులే. తెర మీది క్యాలిక్యులేటర్‌లో మౌస్‌తో నొక్కుతుంటే అలా అయ్యేది. అప్పటి నుంచి ఇంట్లో కూడా ఆ వర్చువల్ క్యాలిక్యులేటర్ మీదే చేశాను.

నెగెటివ్ మార్కుల సంగతి లెక్కేసి తెలుసుకో. 2 మార్కుల మల్టిపుల్ చాయిస్ ప్రశ్న తప్పయితే మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేదీ పోయేదీ సమానం, లాభం సున్నా. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే మాత్రం పెట్టు, సగటున మూడింట రెండు వంతుల మార్కు లాభం. నంబరు టైప్ చేసే ప్రశ్నలకి, ఒకటి కంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలకి నెగెటివ్ లేదు, కాబట్టి వాటిని ఖాళీగా వదలకు.

ప్లేస్‌మెంట్లు

ఎక్కువ డ్రైవ్‌లు ఫోర్-వన్‌లోనే వస్తాయి. సప్లీలు ఉంటే చాలా కంపెనీలు రానివ్వవు. నీకు మిగిలిన ఆ ఒక్క సబ్జెక్టు ముందు పూర్తి చెయ్. ఉద్యోగం చేతిలో ఉంటే ఫిబ్రవరిలో మనసు కుదురుగా ఉంటుంది.

కాగితాలు

గేట్ దరఖాస్తులో పేరు, హాలుకి తీసుకెళ్లే ఐడీ కార్డులో ఉన్నట్టే ఉండాలి. నీ ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంది, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంది. ఆగస్టు లోపే ఆధార్ సరిచేయించుకో. ఎంటెక్ సీట్లప్పుడు మన బీసీ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, అదీ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది అడుగుతారు. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో దరఖాస్తు పెట్టమని నాన్నకి చెప్పాను, నువ్వు నీ ఫొటోలు, మెమో జిరాక్సులు ఇంటికి పంపు.

నీ అక్క