అద్దె అగ్రిమెంట్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: అడ్వాన్సులో ఏది కోయొచ్చు?

గత పాఠంలో అద్దె పెంపు షరతు చదివాం. ఈసారి ఇల్లు ఖాళీ చేసే రోజున అందరికీ టెన్షన్ తెప్పించే అడ్వాన్సు షరతు చూద్దాం. అభ్యాసం కోసం హైదరాబాద్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకుందాం. అద్దె 18,000, అడ్వాన్సు రెండు నెలలది, అంటే 36,000. అద్దెకున్నవాళ్లు మూడేళ్లు ఉండి ఖాళీ చేస్తున్నారు. అగ్రిమెంట్‌లో ఇంగ్లీషులో ఉన్న షరతును తెలుగులో చెబితే ఇది:

"ఖాళీ చేసేటప్పుడు అద్దె బకాయి, కరెంటు బిల్లు, సహజమైన అరుగుదల కాకుండా జరిగిన నష్టం, పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె మినహాయించుకుని, మిగతా సొమ్ము వడ్డీ లేకుండా తిరిగి ఇవ్వాలి."

చదవడానికి ఒకే వాక్యంలా ఉన్నా ఇందులో మూడు రకాల కోతలున్నాయి. పెన్సిల్‌తో విడదీయండి. అద్దె బకాయి, కరెంటు బిల్లు లెక్క తేలిన బాకీలు. బిల్లు చూపిస్తే ఇచ్చేయాల్సిందే. పెయింటింగ్‌ది ముందే ఒప్పుకున్న మొత్తం. నష్టం మాత్రం రుజువు చేయాల్సినది. గొడవంతా ఇక్కడే వస్తుంది.

"సహజమైన అరుగుదల కాకుండా" అన్న మాట దగ్గర ఆగండి. ఇది ఓనరు దయతో రాసింది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది: ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే మార్పులకు మినహాయింపు ఉంది. అయితే అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే ఆ రాతే నిలుస్తుంది. అందుకే మీ కాగితంలో ఈ మాట ఉందో లేదో వెతకండి. దాని బదులు "ఓనరుకు తృప్తి కలిగేలా" అని ఉంటే సంతకానికి ముందే మార్పించండి.

ఇప్పుడు మన ఓనరు ఇచ్చిన చీటీ చూద్దాం. పెయింటింగ్ 18,000, గోడకు మేకుల రంధ్రాలు, పిల్లవాడి క్రేయాన్ గీతలకు 4,000, కొత్త గీజర్‌కు 8,000, పగిలిన వాష్‌బేసిన్‌కు 2,800, చివరి కరెంటు బిల్లు 1,450. మొత్తం 34,250. చేతికొచ్చేది 1,750.

కరెంటు బిల్లు సరే. బేసిన్‌లో ఇత్తడి చెంబు పడి పగిలింది, అది వాడకంతో అరిగినది కాదు. కొత్తది కొన్న బిల్లు, ప్లంబర్ కూలి చూసి ఇవ్వాలి.

పెయింటింగ్‌కు నెల అద్దె మరీ ఎక్కువనిపించినా, సంతకం పెట్టాక ఖాళీ చేసే రోజున వాదించి గెలవడం కష్టం. దాన్ని బేరమాడాల్సింది ఇంట్లో దిగే ముందు. "అయిన ఖర్చు మేరకు, బిల్లు చూపించి, ఇంతకు మించకుండా" అని రాయించుకోవచ్చు. కానీ ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఇంటికంతా రంగు వేయించడానికి 18,000 తీసుకున్నాక గోడల మీది మేకుల రంధ్రాలకూ గీతలకూ మళ్లీ 4,000 ఎందుకు? పెయింటర్ పుట్టీ పెట్టి, రుద్ది, రంగు వేస్తే అవి ఎలాగూ పోతాయి. ఒకే పనికి రెండుసార్లు డబ్బు తీసుకున్నట్టే. గోడ పెచ్చులూడేలా డ్రిల్ చేసి ఉంటే మాత్రం సంగతి వేరు.

గీజర్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. ఎలిమెంటో థర్మోస్టాటో పోతే, వాడుకుంటున్నవాళ్లే బాగు చేయించుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. ఇక్కడ కారుతున్నది ట్యాంకు. మెకానిక్ విప్పి చూస్తే లోపల బోరు నీళ్ల వల్ల తెల్లటి గార గట్టిగా పేరుకుపోయి, అతుకు దగ్గర తుప్పు తినేసింది. ఈ కుటుంబం దిగేనాటికే దానికి ఆరేళ్లు. అంటే ఇది తొమ్మిదేళ్ల గీజర్ కాలం తీరి పోవడం, అరుగుదలే. నీళ్లు లేకుండా స్విచ్ వేసి మాడ్చి ఉంటే నష్టం కింద లెక్క. అప్పుడు కూడా తొమ్మిదేళ్ల పాతదానికి కొత్తదాని పూర్తి ధర అడగడం న్యాయం కాదు, మిగిలిన ఆయుష్షుకు తగ్గంతే అడగాలి. కారణం తేలాలంటే మెకానిక్ చేత రెండు వాక్యాలు రాయించుకోండి, లోపలి తుప్పును ఫొటో తీయండి.

ఇక లెక్క: 18,000 + 2,800 + 1,450 = 22,250. తిరిగి రావాల్సింది 13,750. చీటీకీ దీనికీ తేడా 12,000.

వచ్చే పాఠానికి ముందు మీ అగ్రిమెంట్ తీసి, కోతల వాక్యంలో మూడు రకాలకూ మూడు వేర్వేరు గీతలు గీయండి. ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో రాసి ఉందేమో కూడా చూడండి. నాలుగో పాఠం దాని గురించే.