సన్మాన పత్రం చప్పగా ఉందా? లోపం ఎక్కడుందో పట్టుకోండి

జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారి పదవీ విరమణ అనుకుందాం. శాలువా, దండ, మెమెంటో సిద్ధం. సన్మాన పత్రం రాసే పని మీ నెత్తిన పడింది. రాశారు, అచ్చుతప్పులు కూడా లేవు. అయినా ఏదో వెలితి.

సమస్య: పత్రం చదువుతుంటే జనం ఫోన్లు చూసుకుంటున్నారు

"మృదుభాషి, నిగర్వి, నిరాడంబరులు, విద్యార్థుల పాలిట కల్పతరువు అయిన మీరు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని..." ఇలా సాగుతోందా? అయితే ఒక చిన్న పరీక్ష పెట్టండి. మాస్టారి పేరు తీసేసి, పోయినేడు రిటైరైన హిందీ పండిట్ గారి పేరు పెట్టండి. ఒక్క మాటా మార్చకుండా సరిపోయిందంటే అది ఆయన కోసం రాసిన పత్రం కాదు.

కారణం: ఇవన్నీ తీర్పులు. "నిగర్వి" అని మీరు తేల్చేశారు, ఏం చూసి తేల్చారో చెప్పలేదు. వినేవాళ్లకు ఊహించుకోడానికి ఏమీ దొరకదు. మాస్టారికైతే వీళ్లు నన్ను నిజంగా గమనించారా అన్న అనుమానం మిగులుతుంది.

పరిష్కారం: రాసేముందు ముగ్గురిని అడగండి. ఒక పాత విద్యార్థి, తోటి టీచరు, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. అయితే "సార్ ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచోరండీ" తప్ప ఇంకేమీ రాదు. "సార్ సెలవు పెట్టిన రోజు బళ్లో తేడా ఏంటి?" అనండి. "మీ మీద ఎప్పుడైనా కోప్పడ్డారా, దేనికి?" అనండి. నా లెక్కలో ఈ రెండోదే బంగారం లాంటి ప్రశ్న. మనిషి దేనికి కోప్పడతాడో తెలిస్తే దేనికి విలువిస్తాడో తెలిసిపోతుంది.

పాత విద్యార్థి ఇలా చెప్పాడనుకోండి: "తప్పు చేసినందుకు ఎప్పుడూ తిట్టలేదండి. తప్పు లెక్క కొట్టేసి పక్కవాడిది ఎక్కించుకుంటే మాత్రం ఊరుకునేవారు కాదు." ఇంకాస్త కదిపితే బోర్డు దగ్గర మాస్టారు ఏం చేయించేవారో, అది పరీక్షలో ఎలా పనికొచ్చిందో కూడా చెప్పాడు. ఇప్పుడు "ఓర్పుకు మారుపేరు" అన్న వాక్యం తీసేసి ఇలా రాయొచ్చు:

"బోర్డు మీద మేం చేసిన తప్పు లెక్కని మీరు చెరిపేవారు కాదు. పక్కనే సున్నం ముక్కతో గీత గీసి, తప్పు ఏ మెట్టులో జరిగిందో మాతోనే వెతికించేవారు. పదో తరగతి పరీక్షలో జవాబు రానప్పుడు మా బ్యాచ్ వాళ్లు పేపరు వదిలేయకుండా మళ్లీ మొదటి మెట్టు నుంచి చూసుకున్నారంటే అది మీ అలవాటే."

ఏం చేశారు, ఎక్కడ చేశారు, దానివల్ల ఎవరికి ఏం మారింది - మూడూ వచ్చాయి. "ఓర్పు" అన్న మాట రాయకపోయినా వినేవాళ్లే ఆ మాట అనుకుంటారు. ఇలాంటివి రెండు చాలు. ఐదారు పెడితే ఏదీ గుర్తుండదు.

సమస్య: వివరాలున్నాయి, అయినా బయోడేటాలా ఉంది

ఏ సంవత్సరం చేరారు, ఏ మండలానికి బదిలీ, ఎప్పుడు ప్రమోషన్. ఇదంతా సర్వీసు రిజిస్టర్లో ఉంది. ఒక్క వాక్యంలో కుదించి ముందుకెళ్లండి.

సమస్య: మాస్టారు స్టేజీ మీద ఇబ్బందిగా కదిలారు

వివరం మరీ ఎక్కువైంది. ఒక పిల్లాడి పరీక్ష ఫీజు ఆయన గుట్టుగా కట్టిన సంగతి ఊరందరి ముందు పేరుతో సహా చెప్పేశారు. ఆ కుర్రాడు అక్కడే కూర్చుని ఉండొచ్చు. పేరూ, గుర్తుపట్టే ఆనవాళ్లూ తీసేయండి. లేదా ఆ సంగతి సభలో ఎత్తకుండా మాస్టారికి విడిగా చెప్పండి. ఎవరో చెప్పింది సరిగా తేల్చుకోకుండా రాయడం ఇంకా ప్రమాదం. తప్పు వివరం కంటే ఉత్త "శుభాకాంక్షలు" నయం.

సమస్య: "నాకంత భాష రాదు" అని పెద్ద మాటలు అరువు తెస్తున్నారు

ఈ భయం మీ ఒక్కరిదే కాదు. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొందరిచేత కృతజ్ఞత లేఖలు రాయించి, అందుకున్నవాళ్లను కూడా అడిగి, 2018లో ఫలితాలు ప్రచురించారు. రాసినవాళ్లు తమ మాటలు సరిగా కుదిరాయా లేదా అని బెంగపడ్డారు. అందుకున్నవాళ్లు లేఖలోని ఆప్యాయతనే ఎక్కువ చూశారు, రాసినవాళ్లు ఊహించిన దానికంటే ఎక్కువే సంతోషించారు. అందుకే "సున్నం ముక్క" అన్న చోట "సుద్ద ఖండిక" అని దిద్దకండి.

సమస్య: వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్ ఎవరికీ పట్టలేదు

గ్రూపులో వరసగా "హ్యాపీ రిటైర్డ్ లైఫ్ సార్" వస్తుంటే అది హాజరు పలకడమే. మాస్టారితో పెద్దగా పరిచయం లేకపోతే మీరూ హాజరు వేసి ఊరుకోండి, లేని చనువు నటించక్కర్లేదు. పరిచయం ఉంటే ఆయన నంబరుకే విడిగా రాయండి: "సార్, మా పాప ఇప్పటికీ తప్పు లెక్క కొట్టేయదు, పక్కన గీత గీస్తుంది. మీరు నేర్పిందేనట."