కర్వ్ ఫిట్ "కన్వర్జ్" అంటుంది, గీత మాత్రం డేటా మీద కూర్చోదు

లక్షణం: గాస్-న్యూటన్ మొదటి అడుగులోనే పేలిపోయింది. లెవెన్‌బర్గ్-మార్క్వార్ట్‌కి మారారు, అది బుద్ధిగా ఆగింది, కానీ గీత మొదట్లో డేటాకి కింద, చివర్లో పైన ఉంది.

కోడ్ ముట్టుకునే ముందు మొదటి అంచనాతో వచ్చే గీతను డేటా మీద గీసి చూడండి. దయచేసి ఇది వదలకండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. గీత ఆకారం కాస్తయినా దగ్గరగా ఉంటే ముందుకు వెళ్లండి. తర్వాత ప్రతి అడుగులో డ్యాంపింగ్ విలువ λ, ఎర్రర్, ఒక్కో పారామీటర్ ఎంత కదిలిందీ ప్రింట్ చేయండి.

నన్ను బాగా ఏడిపించిన కారణం పారామీటర్ల స్కేలు. మోడల్ A·exp(-k·t), 0 నుంచి 6000 సెకన్ల వరకు 50 పాయింట్లు, అసలు విలువలు A = 2000, k = 0.0005 అనుకోండి. మొదలుపెట్టింది A = 1500, k = 0.003 దగ్గర. అక్కడ, J జాకోబియన్ అయితే, JᵀJ వికర్ణంలో A కి సుమారు 2 ఉంటే, k కి సుమారు 1.7×10¹¹ ఉంటుంది. డ్యాంపింగ్ లేకపోతే k ఒక్క గెంతులో -0.006 దగ్గర పడుతుంది, exp ఆకాశానికి పోతుంది.

మీ కోడ్ JᵀJ + λI వాడుతుంటే, k ని అదుపు చేయడానికి λ పదింతలవుతూ 10¹² దాకా ఎక్కాలి. A కి కూడా అదే λ. ఇంకా 500 కదలాల్సిన A ఆ అడుగులో సుమారు 2.4×10⁻⁹ కదులుతుంది. ఆపై λ తగ్గడం మొదలవుతుంది గానీ, A కి ఊపిరి ఆడాలంటే అది 1 దరిదాపులకి రావాలి. ఆలోపే k తప్పు A కి సరిపోయేలా సర్దుకుంటుంది, ఎర్రర్ తగ్గడం ఆగుతుంది, ప్రోగ్రామ్ అయిపోయిందనుకుంటుంది. ప్రింట్‌లో A 1500 నుంచి కదలకపోతే ఇదే.

పరిష్కారం: I బదులు JᵀJ వికర్ణాన్నే λ తో గుణించి కలపండి, మార్క్వార్ట్ 1963లో చెప్పింది ఇదే. అప్పుడు λ = 10 దగ్గర k 0.0022కి దిగుతుంది, A దాదాపు 120 కదులుతుంది. వికర్ణంలో ఏదైనా సున్నాకి చేరితే ఆ దిశలో డ్యాంపింగే ఉండదు, కాబట్టి అప్పటిదాకా వచ్చిన గరిష్ఠ విలువను పట్టి ఉంచండి. సైపైలో అయితే:

```python
least_squares(f, p0, method='lm', x_scale='jac')
```

కోడ్ మార్చలేకపోతే t ని వేల సెకన్లలో, y ని వేలలో రాయండి. అదీ పనిచేస్తుంది.

λ ఎంత పెంచినా ఎర్రర్ తగ్గనే తగ్గకపోతే అది స్కేలు కాదు, జాకోబియన్ తప్పు. λ పెద్దదైతే అడుగు చిన్నదై గ్రేడియెంట్‌కి ఎదురు దిశలో పడుతుంది, ఎర్రర్ తగ్గి తీరాలి. సంఖ్యాపరమైన డెరివేటివ్‌తో పోల్చండి, ఎక్కువగా మైనస్ గుర్తే దొరుకుతుంది.

ఒకే పని చేసే రెండు పారామీటర్లు, దారితప్పిన పాయింట్లు లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.