తెలుగులో పుట్టిన కోపాన్ని ఇంగ్లీషులోకి పంపడం

మాంచెస్టర్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు ఇల్లు మారినప్పుడు పాత ఇంటర్నెట్ కనెక్షన్‌ను రద్దు చేయించుకుని, కంపెనీ చెప్పినట్టే రౌటర్‌ను పోస్టులో తిప్పి పంపాడు. నాలుగు వారాల తరువాత, రౌటర్ అందలేదంటూ ఆ కంపెనీ అతని ఖాతా నుంచి 80 పౌండ్లు తీసుకుంది. ఆ రాత్రే నల్లకుంటలో ఉన్న నాకు వాయిస్ మెసేజ్ వచ్చింది: “రౌటర్ పోయిన నెలనే పంపిన బాబాయ్, రసీదు కూడా ఉన్నది. మళ్లీ ఎనభై పౌండ్లు కట్ చేసిండ్రు. అడిగితే రాలేదంటున్నరు. ఇట్లయితే ఎట్ల?”

కంపెనీకి అతడు అప్పటికే రాసి పంపింది ఇది: “ఐ సెంట్ ద రౌటర్ లాస్ట్ మంత్ ఓన్లీ. అగైన్ యు కట్ ఎయిటీ పౌండ్స్. హౌ కెన్ యు డూ లైక్ దిస్? కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.” దానికి వచ్చిన జవాబులో, కనెక్షన్ తెగినందుకు విచారిస్తున్నామనీ, ఇంతకుముందు ఎప్పుడు డబ్బు తీసుకున్నామో తెలపమనీ ఉంది.

అవతలివారు అజాగ్రత్తగా చదివారనుకోనక్కరలేదు. మనం డబ్బు ‘కట్ అయింది’ అంటాం గానీ, ఇంటర్నెట్ కంపెనీవారికి ఆ మాట వినగానే లైను తెగడమే తోస్తుంది. అక్కడ ‘చార్జ్డ్’ అని రాయాలి. మన ‘మళ్లీ’కి ‘ఇంత చేసినా కూడా’ అన్న ధ్వని ఉంది, ఇంగ్లీషు ‘అగైన్’కు అది లేదు కనుక వారు ఇది రెండోసారి తీసుకున్న డబ్బు అనుకున్నారు. ‘పోయిన నెలనే’ లోని ఒత్తును ‘ఓన్లీ’ మోయలేదు, కాబట్టి ఆ స్థానంలో తేదీ వేయడమే మేలు. తేదీని కూడా 07/03 అని కాక నెల పేరుతో రాయాలి, ఎందుకంటే అమెరికాలో కూర్చున్నవారు దానిని జూలై 3గా చదువుతారు. ‘రాలేదంటున్నరు’ అన్నప్పుడు ఎవరన్నారో తెలుగులో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో మాత్రం ఎవరు, ఏ రోజు, ఫోనులోనా చాట్‌లోనా అన్నది లేకపోతే ఆ వాక్యం నిలబడదు.

వీటికన్నా కష్టమైనది స్వరం. అతడు ఇదే మాటను ఇక్కడి కంపెనీతో తెలుగులో అని ఉంటే, “రసీదు ఉందండీ, అయినా డబ్బులెలా తీసుకుంటారు?” అనేవాడు. ప్రశ్న పదునుగానే ఉన్నా, ఆ ‘అండీ’, క్రియ చివరి ‘రు’ మర్యాదను కాపాడతాయి. ఇంగ్లీషు ‘యు’కు ఆ రక్షణ లేదు కనుక, ‘హౌ కెన్ యు’ అనగానే చదువుతున్న ఉద్యోగి మీదికి నేరుగా వేలు చూపినట్టవుతుంది. అందుకు భయపడి కొందరు ‘హంబుల్ రిక్వెస్ట్’ అని మొదలుపెడతారు. అప్పుడు ఫిర్యాదు కాస్తా అర్జీ అయిపోయి, కోపం ఎక్కడా కనబడదు.

నేను సూచించేది, కోపాన్ని మనిషి మీద నుంచి జరిగిన పని మీదికి మళ్లించడం. “ఐ యామ్ వెరీ డిసప్పాయింటెడ్ దట్ ఐ వాజ్ చార్జ్డ్ ఫర్ ఎ రౌటర్ ఐ హ్యాడ్ రిటర్న్డ్” అన్న వాక్యం మన చెవికి చప్పగా ఉంటుంది, ‘నిరాశ చెందాను’ అన్నట్టు తోస్తుంది. అయినా బ్రిటన్‌లో ఒక కంపెనీకి రాసే ఉత్తరంలో అది మన ‘ఇదేం పద్ధతి?’కి దగ్గరి తూకమే. ఆ వాక్యం ఒక్కసారి చాలు, రెండోసారి రాస్తే సణుగుడవుతుంది.

ఇక వరుస. మనం మొదటి నుంచి కథ చెప్పి, అడగవలసింది చివర అడుగుతాం. సపోర్టు ఉద్యోగి మొదటి రెండు వాక్యాలను బట్టే ఫిర్యాదును ఏ విభాగానికి పంపాలో తేల్చుకుంటాడు కనుక, ఇది ఫిర్యాదు అన్న మాట, 80 పౌండ్లు తిరిగి కావాలన్న కోరిక పైననే ఉండాలి. ‘నీడ్‌ఫుల్’ అంటే ఏమిటో అతడు ఊహించుకోవలసిన అవసరం రాకుండా, ఏ ఖాతాకు, ఏ తేదీలోగా అన్నది రాసి, పోస్టాఫీసు రసీదు ఫోటోను జతచేయాలి. (ఆ ఉత్తరం మొదట చదివేవారు మన గచ్చిబౌలిలోనే ఉండి, ‘కట్’ను సరిగ్గానే అర్థం చేసుకోవచ్చు, కానీ వారి పైవారికి చేరేది కూడా అదే వాక్యం.)

కొత్త ఉత్తరం తయారయ్యాక, పంపేముందు దాన్ని తెలుగులో నాకు చదివి వినిపించమన్నాను. “80 పౌండ్లు తిరిగి ఇవ్వండి. మార్చి 7న రౌటర్ పోస్టు చేశాను, రసీదు జతచేశాను…” అని సాగి, కోపం వాక్యం దాకా వచ్చి ఆగాడు. “అడిగితే రాలేదన్నరు కద బాబాయ్, అది పడలేదు,” అన్నాడు. అతనికి అసలు మండింది అక్కడే. చాట్ జరిగిన తేదీ వెతికి, రసీదు వాక్యానికీ కోపం వాక్యానికీ మధ్య ఆ ఒక్క మాట చేర్చి పంపాడు.