గేట్ పాస్ ఎవరి మాట మీద ఇస్తున్నాం? పేమెంట్ యాప్‌కి స్ట్రైడ్ పద్ధతిలో థ్రెట్ మోడలింగ్ ఎలా చేయాలి?

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఉందనుకోండి. రైతు మిర్చి టిక్కీలు అక్కడ పెట్టుకుంటాడు. ధర బాగున్నప్పుడు అద్దె కట్టి సరుకు బయటికి తీస్తాడు. ఆ అద్దెను ఫోన్‌లోనే కట్టేలా మనం ఒక వెబ్ అప్లికేషన్ రాస్తున్నాం. డబ్బు జమైతే గేట్ పాస్ వస్తుంది, గేట్ పాస్ ఉంటే లారీ కదులుతుంది. లారీ వెళ్లిపోయాక డబ్బు పడలేదని తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే కోడ్ రాయకముందే, బొమ్మ దశలోనే, ఎవరు ఎక్కడ మోసం చేయగలరో వెతకాలి. థ్రెట్ మోడలింగ్ అంటే ఇదే.

మొదట బొమ్మ

తెల్ల బోర్డు, మార్కర్ చాలు. మనుషులకు, బయటి సంస్థలకు చతురస్రం. మన కోడ్ నడిచే చోటుకు వృత్తం. డేటాబేస్‌కు పైనొకటి కిందొకటి రెండు గీతలు. డేటా కదిలే ప్రతి దారికీ బాణం, దాని మీద ఏం వెళ్తోందో పేరు. దీన్నే డేటా ఫ్లో డయాగ్రం అంటారు.

మన బొమ్మలో రైతు ఫోన్, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మనకు చేర్చే పేమెంట్ గేట్‌వే, ఆఫీసు గుమాస్తా చతురస్రాలు. సర్వర్ ఒక వృత్తం. రసీదులు, పేమెంట్లు, గేట్ పాస్‌లు ఉండే డేటాబేస్ ఒకటి. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా స్క్రీన్ల వరుస గీస్తారు: లాగిన్, బిల్లు, పేమెంట్, థ్యాంక్స్. అది పనికిరాదు. ఏ స్క్రీన్ తర్వాత ఏది అన్నది మనకు అక్కర్లేదు, ఏ సమాచారం ఎవరి చేతుల మీదుగా వస్తోందో కావాలి.

తర్వాత చుక్కల గీతలు. ఒకరి అదుపు పోయి ఇంకొకరి అదుపు మొదలయ్యే చోట గీయాలి. ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఒకటి, సర్వర్‌కీ గేట్‌వేకీ మధ్య ఒకటి, గుమాస్తా కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య ఒకటి. మన ఆఫీసే కదా అని చాలామంది ఈ మూడోది వదిలేస్తారు. చుక్కల గీతను దాటే బాణాల దగ్గరే మన సమయంలో ఎక్కువ భాగం పోతుంది, పోవాలి కూడా.

ఆరు ప్రశ్నలు

స్ట్రైడ్‌ను 1999లో మైక్రోసాఫ్ట్‌లో తయారు చేశారు. ఆరు రకాల ముప్పుల మొదటి అక్షరాలే ఆ పేరు. స్పూఫింగ్ అంటే వేరొకరిలా నటించడం. ట్యాంపరింగ్ అంటే డేటా మార్చేయడం. రెప్యూడియేషన్ అంటే చేసి, నేను చేయలేదనడం. ఇన్ఫర్మేషన్ డిస్‌క్లోజర్ అంటే చూడకూడనివాళ్లు చూడటం. డినైల్ ఆఫ్ సర్వీస్ అంటే పని ఆగిపోయేలా చేయడం. ఎలివేషన్ ఆఫ్ ప్రివిలేజ్ అంటే లేని అధికారం సంపాదించడం.

ఆరింటినీ అన్నిచోట్లా అడగనక్కర్లేదు. మనుషుల దగ్గర స్పూఫింగ్, రెప్యూడియేషన్ అడిగితే చాలు. బాణాలకు, డేటాబేస్‌కు ట్యాంపరింగ్, డిస్‌క్లోజర్, డినైల్ అడగాలి. వృత్తానికి మాత్రం ఆరూ. దొరికిన ప్రతి ముప్పునూ పూర్తి వాక్యంగా రాయండి: ఎవరు, ఏ బాణం దగ్గర, ఏం చేస్తే, మనకేం పోతుంది. ‘ట్యాంపరింగ్ రిస్క్ ఉంది’ అని రాస్తే వారం తర్వాత రాసినవాళ్లకే అర్థం కాదు.

ఒక బాణాన్ని చివరిదాకా చూద్దాం

రసీదు 4471. టిక్కీలు 120, టిక్కీకి 200 చొప్పున అద్దె 24,000 రూపాయలు అనుకుందాం. రైతు గేట్‌వే పేజీలో డబ్బు కట్టాక బ్రౌజర్ మన సైట్‌కి ఇలా తిరిగొస్తుంది:

```
GET /payment/success?receipt=4471&status=ok
```

బొమ్మలో ఈ బాణం గేట్‌వే నుంచి సర్వర్‌కి నేరుగా రాదు, ఫోన్ మీదుగా వస్తుంది. అంటే ‘డబ్బు కట్టేశారు’ అని మనకు చెబుతున్నది కట్టాల్సిన మనిషే. పైసా కట్టకుండా ఈ లైన్‌ను అడ్రస్ బార్‌లో టైప్ చేసినా గేట్ పాస్ వస్తుంది.

దీనికి గేట్‌వేలు సంతకం ఇస్తాయి. రేజర్‌పేలో అయితే లెక్క ఇది:

```
hmac_sha256(order_id + "|" + payment_id, secret)
```

రహస్య కీ గేట్‌వేకీ మన సర్వర్‌కీ మాత్రమే తెలుసు కాబట్టి దొంగ సంతకం కుదరదు. ఇక్కడితో పని అయిపోయిందనుకుని చాలా టీమ్‌లు తర్వాతి బాణానికి వెళ్లిపోతాయి. కానీ మళ్లీ ట్యాంపరింగ్ ప్రశ్నే అడగండి: ఈ సంతకంలో ఏం లేదు? రసీదు నంబరు లేదు. ఒక్క టిక్కీ ఉన్న వేరే రసీదుకు 200 కట్టి, ఆ అసలైన సంతకాన్నే receipt=4471 పక్కన పెట్టి పంపితే? సంతకం సరిగ్గానే ఉంటుంది, 120 టిక్కీలు గేటు దాటుతాయి.

కాబట్టి రసీదు నంబరును బ్రౌజర్ నుంచి తీసుకోకూడదు. ఆర్డర్ తయారు చేసేటప్పుడే order_id, రసీదు, మొత్తం మూడూ మన డేటాబేస్‌లో రాసుకోవాలి. సంతకం సరిపోయాక ఆ order_id ఏ రసీదుదో అక్కడే చూడాలి. గేట్‌వే చెప్పిన మొత్తంతోనూ పోల్చాలి. అది పైసల్లో ఉంటుంది, 24,000 అంటే 2400000.

రైతు ఫోన్‌లో సిగ్నల్ పోయి బ్రౌజర్ తిరిగి రాకపోతే? అందుకే గేట్‌వే నుంచి సర్వర్‌కి నేరుగా వచ్చే వెబ్‌హుక్ అనే ఇంకో బాణం కావాలి. ఆ అడ్రస్ తెలిసినవాళ్లెవరైనా దానికి మెసేజ్ పంపగలరు కాబట్టి అక్కడా సంతకం చూడాలి. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు, లేదా వెబ్‌హుక్, బ్రౌజర్ ఒకేసారి రావచ్చు. అప్పుడు ఒకే డబ్బుకు రెండు పాస్‌లు పుడతాయి. గేట్ పాస్ టేబుల్‌లో payment_id మీద UNIQUE పెడితే రెండోది డేటాబేస్ దగ్గరే ఆగిపోతుంది.

మిగతావి

/receipt/4471 ను 4472 చేస్తే పక్క రైతు నిల్వ కనిపించకూడదు. యార్డులో ఎవరి దగ్గర ఎన్ని టిక్కీలున్నాయో తెలియడమంటే బేరంలో పైచేయి, మామూలు సమాచారం కాదు. గుమాస్తాలందరూ ఒకే లాగిన్ వాడితే, నగదు కట్టినట్టు ఎవరు నమోదు చేశారో ఎప్పటికీ తేలదు, కాబట్టి ఎవరి లాగిన్ వారికివ్వండి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌కు పరిమితి పెట్టండి, లేకపోతే బిల్లు మనకే పడుతుంది.

కొన్ని ముప్పులను అడ్డుకోవడం కన్నా బొమ్మలోంచే తీసేయడం మేలు. కార్డు నంబరు గేట్‌వే పేజీలోనే కొట్టిస్తే మన డేటాబేస్‌కు ఆ బాణమే ఉండదు. ఎలాగూ ఆర్బీఐ నిబంధన ప్రకారం 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదు.

ప్రతి ముప్పుకూ ఒక టెస్ట్ రాయండి. పైన చెప్పిన 200 రూపాయల సంతకంతో 4471కి పాస్ అడిగే టెస్ట్ ముందు రాయాలి. దానికి పాస్ వస్తే రిలీజ్ ఆపేయండి.

బొమ్మను సిస్టమ్ వాడేవాళ్లకు చూపించండి

ఇలాంటి ఒక బొమ్మను ఓసారి కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారి ముందు పెట్టి, గేటు దగ్గర ఏం జరుగుతుందని అడిగాను. “ఏముంది సార్, ఫోన్‌లో పచ్చ టిక్కు చూపిస్తారు, వాచ్‌మన్ వదిలేస్తాడు” అన్నారు. మేం గీసిన బాణాల్లో అది లేనే లేదు. పచ్చ టిక్కు స్క్రీన్‌షాట్ తయారు చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రోజే వాచ్‌మన్‌కు ఒక చతురస్రం, రైతు ఫోన్ నుంచి అతని కంటికి ఒక బాణం, మధ్యలో చుక్కల గీత పడ్డాయి. తర్వాత ఆ బాణం కొట్టేసి, గేటు దగ్గర ఒక ట్యాబ్ పెట్టించాం. వాచ్‌మన్ అందులో రసీదు నంబరు కొడితే సర్వర్ నుంచే జవాబు వస్తుంది, లారీ బయటికి వెళ్లగానే ఆ పాస్ ఇక చెల్లదు.