రాత్రిపూట మందుల షాపు: 3వ పాఠం – మ్యాప్‌లో కనిపించిన షాపు నిజంగా ఎక్కడుంది?

కిందటి పాఠంలో మ్యాప్‌లోని నీలి చుక్క మన ఇంటి మీదే పడుతోందో లేదో చూసుకున్నాం. ఈసారి రెండో కొస, అంటే షాపు. బెంగళూరులో ఎక్కువమంది తప్పు దారి పట్టేది ఇక్కడే.

నాకు జరిగిందే చెబుతాను. అప్పుడు మేం బీటీఎం లేఅవుట్ సెకండ్ స్టేజ్‌లో ఉండేవాళ్లం. రాత్రి పదకొండున్నరకి రూమ్మేట్‌కి వాంతులు మొదలయ్యాయి, ఇంట్లో ఒక్క ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కూడా లేదు. మ్యాప్‌లో మెడికల్ షాపు అని వెతికితే దగ్గర్లోనే ఒకటి కనిపించింది, పక్కనే `Open 24 hours` అని ఉంది. వెళ్తే షట్టర్ దించి ఉంది. షాపు మూతపడి చాలా రోజులైందని పక్కింటి వాచ్‌మన్ చెప్పాడు.

`Open now` అని నొక్కినంత మాత్రాన షాపు తెరిచి ఉందని ఎవరూ చూసి చెప్పినట్టు కాదు. ఎప్పుడో ఎవరో ఎక్కించిన వేళల్ని ఫోన్ ఇప్పటి టైముతో పోల్చి చూస్తుంది, అంతే. అందుకే నేను ముందు `Reviews`లోకి వెళ్లి `Newest` నొక్కుతాను. ఈ మధ్య ఎవరైనా రాత్రిపూట వెళ్లినట్టు రాశారా, ‘మూసేశారు’ అన్నారా చూస్తాను. ఏడాదిగా ఒక్క రివ్యూ కూడా లేకపోతే ఆ షాపు మీద ఆశ పెట్టుకోను.

తర్వాత ఫోన్ చేయాలి. ‘ఓపెన్ ఉందా?’ అని మాత్రం అడగకండి. చాలా బ్రాంచీలున్న షాపులైతే ఆ నంబర్ ఒక్కోసారి కాల్ సెంటర్‌కి పోతుంది. వాళ్లు తమ ముందున్న వేళలే చదివి చెబుతారు. అందుకే ‘మీరు షాపులోనే ఉన్నారా?’ అని మొదట అడగండి. కన్నడలో అయితే ‘ఈగ అంగడి తెగెదిదెయా?’ అంటే చాలు. అంగడి మన రాయలసీమ మాటే కాబట్టి నోరు తిరగకపోవడం ఉండదు. కావలసిన మందు పేరు చెప్పి, ఉందో లేదో కూడా అప్పుడే అడిగేయండి. చివరగా ‘యావ క్రాసు? ఎదురుగడె ఏనిదె?’, అంటే ఏ అడ్డవీధి, ఎదురుగా ఏముంది అని.

ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఈ ఊళ్లో 7వ క్రాస్ అంటే ఒక్కటి కాదు. స్టేజ్ మారితే, బ్లాక్ మారితే మళ్లీ ఒక 7వ క్రాస్ ఉంటుంది. స్టేజ్, మెయిన్ రోడ్డు, క్రాస్ మూడూ కలిస్తేనే చోటు తేలుతుంది. పిన్ ఒక్కోసారి రెండు వీధుల అవతల పడుతుంది. అందుకని షాపతను చెప్పిన గుర్తుని, అది బేకరీయో గుడో బ్యాంకో, మ్యాప్‌ని పెద్దది చేసి పిన్ ఎదురుగా వెతకండి. ఉంటే చోటు ఖాయం. లేకపోతే వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి, లేదా స్ట్రీట్ వ్యూ తెరిచి షాపు బోర్డు చూడండి. అందులో ఫొటో తీసిన నెల, ఏడాది కూడా కనిపిస్తాయి. పాతదైతే దాన్ని పూర్తిగా నమ్మొద్దు.

ఆ రాత్రి రెండోసారి ఇలాగే చేశాను. మరో షాపతను ఫోన్ ఎత్తాడు, ఓఆర్‌ఎస్ ఉందన్నాడు. ‘రింగ్ రోడ్డుకి ఏ పక్క?’ అని అడిగితే ‘ఫస్ట్ స్టేజ్ వైపు’ అన్నాడు. బీటీఎంని ఔటర్ రింగ్ రోడ్డు రెండుగా చీలుస్తుంది. మ్యాప్‌లో చూపుకి షాపు రోడ్డుకి అవతలే ఉన్నట్టుంది కానీ మధ్యలో డివైడర్. నడిచే మనిషి బొమ్మ నొక్కి దారి చూస్తే, సిగ్నల్ దాకా వెళ్లి దాటి మళ్లీ వెనక్కి రావాలని తేలింది. బైక్ గుర్తు మీద ఉంచి చూసుంటే యూటర్న్‌లతో ఇంకో దారి చూపించేది. పది నిమిషాల నడక. వెలుతురుండే మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లాను. బయల్దేరేముందు రూమ్మేట్‌కి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటసేపటికి పెట్టాను.

ఎవరూ ఫోన్ ఎత్తకపోతే చిన్న షాపుల వెంట పడకుండా, ఎమర్జెన్సీ ఉన్న పెద్ద ఆసుపత్రి ఫార్మసీకి ఫోన్ చేయండి. పిన్ ఆవరణ మధ్యలో పడుతుంది కాబట్టి రాత్రి ఏ గేటు తెరిచి ఉంటుందో అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పుతున్నా మందు కోసం నడిచే పని కాదు, 108కి ఫోన్ చేయాలి.

అభ్యాసం: ఈ వారం ఒక రాత్రి పదకొండు దాటాక మీ ఇంటి చుట్టుపక్కల రెండు షాపులకి ఫోన్ చేసి, ఎదురుగా ఏముందో కనుక్కోండి. మర్నాడు పగలు నడిచి వెళ్లి ఆ గుర్తు ఉందో లేదో చూడండి. నిజమని తేలినవాటిని మ్యాప్‌లో `Save` చేసి, గేటు, ఎదురున్న గుర్తు నోట్‌లో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఏటీఎం. దానికి ఫోన్ చేసి అడగలేం కదా, అప్పుడేం చూడాలో చెబుతాను.